వేడి ఎంతో తేలాకే ఇంజన్ ఎంతో

ఆసుపత్రిలో ట్రైజనరేషన్ ప్లాంటు పెట్టాలన్న ఆలోచన రాగానే ముందుగా బల్ల మీదికి వచ్చేది కరెంటు బిల్లు. వెయ్యి కిలోవాట్ల డిమాండ్ ఉంది కాబట్టి వెయ్యి కిలోవాట్ల గ్యాస్ ఇంజన్ కావాలంటారు. దాని నుంచి వచ్చే వేడిని వాడుకోవడానికి సరిపడా అబ్సార్ప్షన్ చిల్లర్ పెడదామంటారు. కరెంటు, వేడినీళ్లు, చల్లదనం మూడూ ఒకే గ్యాస్ గొట్టం నుంచి వస్తాయని ప్రతిపాదన తయారవుతుంది. ఈ లెక్క తలకిందుల లెక్క. ఇంజన్ సైజును తేల్చాల్సింది కరెంటు కాదు, వేడి. అదీ ఏ వేడి, ఎక్కడ వాడుతున్న వేడి అన్నది ఇంకా ముఖ్యం.

ముందుగా ఈ ప్లాంటులో జరిగేదేమిటో చూద్దాం. గ్యాస్ ఇంజన్‌లో వంద యూనిట్ల ఇంధనం మండితే, మధ్యరకం సైజులో, 38 యూనిట్ల దాకా కరెంటు అవుతుంది. మిగతాదంతా వేడే. అందులో దాదాపు సగం ఇంజన్ చుట్టూ తిరిగే జాకెట్ నీళ్లలోకి, ఆయిల్‌లోకి పోతుంది. మరో సగం సైలెన్సర్ గొట్టం గుండా 400 డిగ్రీలకు పైబడిన పొగగా బయటికి పోతుంది. రెండు చోట్లా హీట్ ఎక్స్ఛేంజర్లు పెట్టి పట్టుకుంటే 45 యూనిట్ల వేడి 90 డిగ్రీల నీళ్ల రూపంలో చేతికి వస్తుంది. మామూలు డీజిల్ జనరేటర్ గదిలో రేడియేటర్ ఫ్యాను ఊదేసే వేడి ఇదే.

ఆ వేడినీళ్లతో చల్లదనం తీసేది అబ్సార్ప్షన్ చిల్లర్. ఇందులో కంప్రెసర్ ఉండదు. గాలి తీసేసిన ఉక్కు డొల్లలో, అతి తక్కువ పీడనం వద్ద, నీళ్లు నాలుగైదు డిగ్రీలకే మరుగుతాయి. మరిగేటప్పుడు పక్కనున్న పైపుల్లోని నీళ్ల వేడిని లాగేస్తాయి. ఏసీలకు వెళ్లే చల్లటి నీళ్లు అలా తయారవుతాయి. మరిగిన ఆవిరిని అలాగే వదిలేస్తే పీడనం పెరిగి పని ఆగిపోతుంది. అందుకే లిథియం బ్రోమైడ్ అనే ఉప్పు ద్రావణం ఆ ఆవిరిని పీల్చుకుంటుంది. పీల్చుకుని పలచబడిన ద్రావణాన్ని వేడిచేసి, నీటిని విడగొట్టి, మళ్లీ చిక్కబరచాలి. ఇంజన్ వేడి ఖర్చయ్యేది ఈ చివరి పనికే.

ఇక్కడే అసలు లెక్క ఉంది. వంద యూనిట్ల వేడి ఇస్తే ఈ యంత్రం 70 యూనిట్ల చల్లదనం తీస్తుంది. అదే చల్లదనాన్ని, కూలింగ్ టవర్ ఉన్న మంచి ఎలక్ట్రిక్ చిల్లర్ 14 యూనిట్ల కరెంటుతోనే తీసేస్తుంది. అంటే చిల్లర్‌లో పోసిన వంద యూనిట్ల వేడి మనకు మిగిల్చేది 14 యూనిట్ల కరెంటు. యూనిట్‌కు 8 రూపాయలనుకుంటే 112 రూపాయలు. అదే వందను వేడినీళ్ల కోసం వాడితే బాయిలర్‌లో దాదాపు 118 యూనిట్ల గ్యాస్ మిగులుతుంది. గ్యాస్ వేడి యూనిట్‌కు 4 రూపాయలనుకున్నా 470 రూపాయల పైమాటే. మూడో వాడకం కూడా ఉంది. ఎక్కడైనా ఎలక్ట్రిక్ హీటర్ తిరుగుతుంటే దాన్ని ఆపి ఈ వేడిని అక్కడ వాడితే, వందకు వంద యూనిట్ల కరెంటు మిగులుతుంది. అది 800 రూపాయలు. వేడి ఒక్కటే, వాడే చోటును బట్టి విలువ ఏడు రెట్లు మారుతోంది. ట్రైజనరేషన్ గురించి రాసేవాళ్లు చిల్లర్‌ను ముందు వరుసలో కూర్చోబెడతారు గానీ, విలువలో దాని స్థానం చివరిది. అలాగని అది అక్కరలేనిది కాదు. దాని పని వేరు, అది తర్వాత చెబుతాను.

వేడి అవసరాన్ని బట్టి ఇంజన్‌ను నడిపే ఈ పద్ధతి చలిదేశాల్లో స్థిరపడింది. యూరప్‌లో ఆసుపత్రికి ఏడాదిలో ఎక్కువ నెలలు గదులు వెచ్చబరచడానికే వేడి కావాలి. అందుకని వేడికి తగ్గట్టు ఇంజన్ నడుపుతారు, వచ్చిన కరెంటును వాడుకుంటారు, చాలకపోతే గ్రిడ్ నుంచి తీసుకుంటారు. యూరోపియన్ యూనియన్ 2004లో తెచ్చిన కోజనరేషన్ ఆదేశం కూడా నిజంగా ఉపయోగపడిన వేడినే లెక్కలోకి తీసుకోమంది, ఊరికే పుట్టించిన వేడిని కాదు. అక్కడ అబ్సార్ప్షన్ చిల్లర్ వేసవి మూణ్ణెల్ల పూరకం. మన దగ్గర పరిస్థితి తిరగబడుతుంది. గదులు వెచ్చబరిచే పని లేదు, చల్లబరిచే పని ఏడాది పొడుగునా ఉంది. కాబట్టి చిల్లర్‌తోనే వేడి అవసరం తీరిపోతుందనే భ్రమ మన దగ్గర ఇంకా తేలిగ్గా కలుగుతుంది. మన దేశంలో ఈ ప్రయోగం జరగలేదని కాదు. ఢిల్లీ ఎయిమ్స్‌కు చెందిన జయప్రకాశ్ నారాయణ్ ట్రామా సెంటర్‌లో జర్మనీ సహకారంతో గ్యాస్ ఇంజన్, అబ్సార్ప్షన్ చిల్లర్ కలిపి ఒక ప్రదర్శన ప్లాంటు పెట్టారు. మన హైదరాబాద్, విజయవాడ, కాకినాడ లాంటి చోట్ల పైపు గ్యాస్ వస్తోంది కాబట్టి ఇక్కడి ఆసుపత్రులకు ఈ ప్రశ్న ఊహాజనితం కాదు.

కోస్తాలో 400 పడకల ఆసుపత్రి ఒకటి ఉందనుకుందాం. లెక్క అర్థం కావడానికి నేను వేసుకున్న అంకెలివి, ఏ ఆసుపత్రివీ కావు. మే నెల మధ్యాహ్నం దీని కరెంటు డిమాండ్ 1100 కిలోవాట్లు. డిసెంబరు రాత్రి రెండు గంటలకు అది 480కి దిగుతుంది. చల్లదనం ఎండాకాలంలో 600 టన్నులు, చలికాలపు రాత్రి 120 టన్నులు. మన ఇంటి ఏసీ ఒకటిన్నర టన్ను అంటామే, ఆ టన్నే ఇది. ఒక టన్ను అంటే సుమారు మూడున్నర కిలోవాట్ల చల్లదనం.

ఇక వేడి. స్నానాలకు, వంటశాలకు, లాండ్రీకి కావలసిన వేడినీళ్లు ఉదయం ఆరు నుంచి తొమ్మిది దాకా 400 కిలోవాట్ల దాకా పోతాయి, అర్ధరాత్రికి బాగా పడిపోతాయి. ఈ హెచ్చుతగ్గుల్లో దేన్ని పట్టుకోవాలి? పెళ్లికి వచ్చే జనాన్ని చూసి రోజూ వండుకునే గిన్నె కొనం కదా. ఏడాదిలోని 8760 గంటల వేడి అవసరాన్ని పెద్ద అంకె నుంచి చిన్న అంకె దాకా వరసగా పేర్చి గీత గీస్తారు. ఎడమన నిటారుగా మొదలై కుడికి వెళ్లేకొద్దీ వాలిపోయే ఆ గీతలో, ఏడెనిమిది వేల గంటల పాటు తగ్గకుండా నిలిచే మట్టమే ఇంజన్‌కు ఆధారం. మన ఆసుపత్రిలో ఆ మట్టం 100 కిలోవాట్లనుకుందాం. ఉదయపు పోటును ఒక ఇన్సులేషన్ ట్యాంకుతో చాలావరకు చదును చేయవచ్చు. పదివేల లీటర్ల ట్యాంకు 20 డిగ్రీల తేడాతో దాదాపు 230 యూనిట్ల వేడిని దాచుకుంటుంది. రాత్రి నింపుకుని ఉదయం ఖాళీ చేస్తుంది. ఇంత చవకైన పరికరం ఈ ప్లాంటు మొత్తంలో మరొకటి లేదు. అయినా చాలా డ్రాయింగుల్లో ఇది కనబడదు.

ఈ లెక్కలో స్టెరిలైజర్ల ఆవిరిని కలపలేదు. శస్త్రచికిత్స పరికరాలను 134 డిగ్రీల ఆవిరిలో శుద్ధి చేస్తారు. 90 డిగ్రీల నీళ్లతో ఆ పని కాదు. పొగ వేడితో చిన్న ఆవిరి బాయిలర్ నడపవచ్చు గానీ, ఈ సైజులో ఆ అదనపు హంగామా గిట్టుబాటు కాదని నా అభిప్రాయం. పాత బాయిలర్‌నే దానికి వదిలేయడం మంచిది. బాయిలర్ ఇంధనం బిల్లు చూసి మొత్తం వేడిని లెక్కేసేవాళ్లు ఈ ఆవిరిని కూడా కలిపేస్తారు. అక్కడే వేడి అవసరం ఉన్నదానికంటే పెద్దదిగా కనబడుతుంది.

100 కిలోవాట్ల వేడికే ఇంజన్ తీసుకుంటే 85 కిలోవాట్ల కరెంటు ఇచ్చే చిన్న యంత్రం వస్తుంది. చిన్న ఇంజన్ల సామర్థ్యం తక్కువ, కిలోవాట్‌కు పడే ఖర్చు ఎక్కువ. చిల్లర్ అవసరం ఇప్పుడొస్తుంది. రాత్రీ పగలూ ఉండే చల్లదనపు అవసరం నుంచి ఒక ముక్క తీసి వేడి అవసరంగా మార్చి, ఇంజన్‌కు ఏడాది పొడుగునా పని కల్పించడమే దాని ఉద్యోగం. మొదటి విడతగా 400 కిలోవాట్ల ఇంజన్ అనుకుందాం. గంటకు 1053 యూనిట్ల గ్యాస్ తిని 474 యూనిట్ల వేడి ఇస్తుంది. వేడినీళ్లకు 100 పోగా 374 చిల్లర్‌కు వెళ్తుంది. దాంతో 75 టన్నుల చల్లదనం వస్తుంది. ఎలక్ట్రిక్ చిల్లర్‌కు టన్నుకు 0.7 కిలోవాట్లు పడుతుంది కాబట్టి కరెంటు 52 కిలోవాట్లు తగ్గుతుంది. అదనపు పంపులకు, ఫ్యాన్లకు 8 పోతే నికరంగా మిగిలేది 44. రాత్రి లోడు 480 నుంచి 436కు దిగింది, ఇంజన్ 400 ఇస్తోంది, ఫరవాలేదు.

ఇక్కడితో ఆపేస్తే ఒక పెద్ద విషయం తప్పిపోతుంది. ఆపరేషన్ థియేటర్లకు, ఐసీయూలకు వెళ్లే గాలిలో తేమ తగ్గాలంటే దాన్ని ముందు 12 డిగ్రీల దగ్గరికి చల్లబరచాలి. అప్పుడే నీరు కక్కుతుంది. అంత చల్లటి గాలిని రోగి మీదికి వదలలేరు కనుక మళ్లీ కొంచెం వెచ్చబరుస్తారు. కోస్తా ఉక్కలో ఈ పని దాదాపు ఏడాది మొత్తం నడుస్తుంది. వెచ్చబరిచేది చాలాచోట్ల గాలి గొట్టాల్లో పెట్టిన ఎలక్ట్రిక్ హీటర్లు. అది కరెంటు బిల్లులో కలిసిపోతుంది తప్ప వేడి ఖాతాలో ఎక్కడా కనబడదు. బాయిలర్ గదిలో ఎంత వెతికినా దొరకదు. ఏసీ గదుల్లోకి వెళ్లి హీటర్ల ఫీడర్లకు రెండు వారాలు మీటర్ బిగిస్తే బయటపడుతుంది. మన ఆసుపత్రిలో రాత్రిపూట కూడా ఇది 60 కిలోవాట్లనుకుందాం. ఆ హీటర్ల స్థానంలో వేడినీళ్ల కాయిల్స్ పెడితే గంటకు 60 యూనిట్లు, అంటే 480 రూపాయలు మిగులుతాయి. అదే వేడిని చిల్లర్‌కు ఇస్తే మిగిలేది 8 యూనిట్ల చిల్లర.

అయితే హీటర్లు ఆపగానే రాత్రి కరెంటు లోడు ఇంకో 60 తగ్గింది. ఇప్పుడు 400 కిలోవాట్ల ఇంజన్ రాత్రిపూట ఎక్కువైపోతుంది. ట్రైజనరేషన్ సైజింగ్‌లో అసలు ముడి ఇదే. మనం వేడిని మంచి చోట వాడినకొద్దీ, చిల్లర్ పెట్టినకొద్దీ, ఏ కరెంటు లోడును చూసి ఇంజన్ ఎంచుకున్నామో ఆ లోడే కరిగిపోతుంది. అందుకే లెక్క ఒకసారి వేస్తే కాదు. మార్చిన లోడుతో మళ్లీ మొదటికి రావాలి. రెండో విడతలో 350 కిలోవాట్ల ఇంజన్ దగ్గర లెక్క నిలుస్తుంది. అది 414 కిలోవాట్ల వేడి ఇస్తుంది. అందులో 160 వేడినీళ్లకూ గాలి వెచ్చబరచడానికీ పోతే, 254 చిల్లర్‌కు మిగులుతుంది. చల్లదనం 50 టన్నులు. రాత్రి కరెంటు అవసరం 390 ఉంటుంది. ఇంజన్ 350 ఇస్తే 40 గ్రిడ్ నుంచి వస్తుంది. ఆ కాస్త కొనుగోలు ఉండడమే మేలు. లోడు అటూ ఇటూ ఊగినా ఇంజన్ కుదుటగా నడుస్తుంది, గ్రిడ్‌లోకి కరెంటు తోసే ఇబ్బంది రాదు.

వెయ్యి కిలోవాట్లతో మొదలైన మాట 350 దగ్గర ఆగింది. 600 టన్నుల ఆసుపత్రిలో చిల్లర్ వాటా 50 టన్నులు. మిగతాదంతా పాత ఎలక్ట్రిక్ చిల్లర్లు చూసుకుంటాయి. ఇది చూసి ఇంతేనా అని నిరుత్సాహపడే మేనేజ్‌మెంట్లు ఉంటాయి. కానీ వెయ్యి కిలోవాట్ల ఇంజన్ పెట్టి ఉంటే రాత్రంతా సగం లోడు కూడా దొరకక అది ఆగిపోవాలి, లేదా నసుగుతూ నడవాలి. గ్యాస్ ఇంజన్లను సగం కంటే తక్కువ లోడులో ఎక్కువసేపు నడపరాదు. సామర్థ్యం పడిపోతుంది, సిలిండర్లలో మసి పేరుకుంటుంది. రోజూ ఆపి రోజూ మొదలుపెట్టడం దాని ఆయుష్షుకు ఇంకా చేటు.

డబ్బు లెక్క కూడా ఈ క్రమాన్నే బలపరుస్తుంది. కరెంటు యూనిట్ 8 రూపాయలు, ఇంజన్ నిర్వహణ యూనిట్‌కు ఒక రూపాయి, క్యూబిక్ మీటర్ గ్యాస్‌లో సుమారు 10 యూనిట్ల వేడి అనుకుని, గ్యాస్ ఎంత ధర దాకా ఉంటే నడిపిన గంటకు నష్టం రాదో చూద్దాం. పెట్టుబడి సొమ్ము ఇందులో కలపలేదు. వేడినంతా రేడియేటర్‌తో ఊదేస్తే క్యూబిక్ మీటర్ 27 రూపాయలు దాటకూడదు. మన మొదటి విడత డిజైన్‌తో ఆ హద్దు 34కు పెరుగుతుంది. గాలి హీటర్లను కలిపిన రెండో విడతలో 39. ఒకవేళ వేడి మొత్తం వేడినీళ్లుగానే అమ్ముడుపోయే ఆసుపత్రి ఉంటే 57 దాకా తట్టుకుంటుంది. చిల్లర్‌కు మాత్రమే వేడి ఇచ్చే ప్లాంటు అయితే 31 దగ్గరే చతికిలబడుతుంది, రేడియేటర్‌తో ఊదేసినదానికంటే నాలుగు రూపాయలే మెరుగు. మీ ఊళ్లో పైపు గ్యాస్ ధర ఈ అంకెల పక్కన పెట్టి చూసుకోండి. ధర హద్దు దాటి ఉంటే, ఆసుపత్రి ఈ ప్లాంటు పెట్టకపోవడమే సరైన నిర్ణయం. ఆ మాట కన్సల్టెంట్ నివేదిక మొదటి పేజీలోనే ఉండాలి.

డిజైన్ సరిగ్గా కుదిరినా, చిల్లర్ కొనేటప్పుడు మన వాతావరణం గుర్తుంచుకోవాలి. అబ్సార్ప్షన్ చిల్లర్ బయటికి తోసే వేడి ఎలక్ట్రిక్ చిల్లర్ తోసేదానికి దాదాపు రెట్టింపు. అది చల్లదనం కోసం లాగిన వేడితోపాటు ఇంజన్ ఇచ్చిన వేడినీ బయటపడేయాలి మరి. అందుకని కూలింగ్ టవర్ పెద్దదవుతుంది, నీళ్లు ఎక్కువ ఆవిరవుతాయి. మన 50 టన్నుల యంత్రానికి ఎలక్ట్రిక్ చిల్లర్‌తో పోలిస్తే రోజుకు దాదాపు ఏడు వేల లీటర్లు అదనం. ట్యాంకర్ కొనుక్కునే ఆసుపత్రికి ఇది చిన్న మాట కాదు. పైగా కోస్తాలో తేమ వల్ల టవర్ నీళ్లు కావలసినంత చల్లబడవు. ఇంజన్ నీళ్లు కూడా కంపెనీ కేటలాగ్‌లో రాసినంత వేడిగా రాకపోవచ్చు. ఈ రెండూ కలిసి సామర్థ్యాన్ని కొరికేస్తాయి కాబట్టి 50 టన్నులు కావాలంటే 60 టన్నుల యంత్రం తీసుకోవాలి. బోరు నీళ్ల సున్నం పైపుల్లో పేరుకుంటే ఆ మిగులు కూడా పోతుంది.

నడిపేటప్పుడు ఈ యంత్రానికి రెండు జబ్బులు. ఒకటి, లోపలికి గాలి చొరబడడం. చల్లటి నీళ్ల ఉష్ణోగ్రత నెమ్మదిగా ఒకటి రెండు డిగ్రీలు పెరుగుతుంది, గాలి తోడే వాక్యూమ్ పంపును మునుపటికంటే తరచుగా నడపాల్సి వస్తుంది. రెండోది ఇంకా మొండిది. లిథియం బ్రోమైడ్ ద్రావణం మరీ చిక్కబడినా, చిక్కగా ఉన్నప్పుడు చల్లబడినా గడ్డకడుతుంది. మామూలుగా ఆపేటప్పుడు యంత్రం కొన్ని నిమిషాలు తనంతట తాను తిరిగి ద్రావణాన్ని పలచబరుచుకుంటుంది. హఠాత్తుగా కరెంటు పోతే ఆ అవకాశం ఉండదు. హీట్ ఎక్స్ఛేంజర్‌లోనే ఉప్పు పేరుకుపోయి దారి మూసుకుంటుంది. వేడి వెళ్తూనే ఉండి చల్లదనం పడిపోవడం, పొర్లుగొట్టం కాలిపోతుండడం దాని గుర్తులు. మన దగ్గర కరెంటు కోతలు మామూలే కాబట్టి, ద్రావణం పంపుకు అత్యవసర సరఫరా లైన్ ఇవ్వడం మొదటి రోజే చేయాల్సిన పని. ఈ సందర్భంలోనే ఇంకో మాట. గ్యాస్ ఇంజన్ వచ్చింది కదా అని డీజిల్ జనరేటర్లను తీసేయరాదు. పెద్ద లోడు ఒక్కసారిగా మీద పడితే గ్యాస్ ఇంజన్ తడబడుతుంది. సెకన్లలో థియేటర్‌కు కరెంటు అందించే బాధ్యత డీజిల్ జనరేటర్‌దే.

ప్లాంటు సరైన సైజులో ఉందో లేదో తెలుసుకోవడానికి ఒక చూపు చాలు. వాడుకోని వేడిని ఊదేసే రేడియేటర్ ఒకటి ఇంజన్‌కు తప్పనిసరిగా ఉంటుంది, ఎందుకంటే వేడి పోయే దారి లేకపోతే ఇంజన్ ట్రిప్ అవుతుంది. వేడిని బట్టి నడిచే ప్లాంటులో, తిరిగొచ్చే నీళ్లు మరీ వెచ్చగా ఉన్నాయంటే ఇంజనే లోడు తగ్గించుకోవాలి. అలా కాకుండా రేడియేటర్ ఫ్యాను తిరుగుతోందంటే కొన్న గ్యాస్‌ను ఆకాశంలోకి వదులుతున్నట్టే. ప్లాంటు పెట్టి నడిపే కంపెనీ కరెంటు యూనిట్లకే డబ్బు తీసుకునే ఒప్పందమైతే ఆ ఫ్యాను సంగతి ఎవరూ అడగరు. వేడినీళ్ల లైన్‌కు ఒకటి, గాలి కాయిల్స్‌కు ఒకటి, చిల్లర్‌కు ఒకటి, రేడియేటర్‌కు ఒకటి చొప్పున హీట్ మీటర్లు పెట్టించి, నాలుగు అంకెలూ నెలనెలా ఆసుపత్రి ఇంజనీరు చేతికి రావాలని ఒప్పందంలో రాయించుకోవాలి. మొదటి ఏడాది ఆ నాలుగో మీటర్ అంకె మొత్తం వేడిలో నూటికి అయిదు దాటితే, ఇంజన్‌ను రోజులో ఏ గంటల్లో నడుపుతున్నారో తిరిగి చూడాలి. రాత్రి రెండు నుంచి అయిదు దాకానే రేడియేటర్ తిరుగుతుంటే ట్యాంకు చిన్నదని అర్థం. పగలు కూడా తిరుగుతుంటే ఇంజన్ పెద్దదని అర్థం.